అటక లేని ఇంటికి ఏం కానుక?

"క్లటర్" అనే మాటకి తెలుగులో ఏమంటారని మొన్న అమ్మని అడిగాను. అమ్మ ముందు "చెత్త" అంది. చెత్త అంటే పారేసేది కదా, నేను అడిగేది పారేయలేని దాని గురించి అన్నాను. "అయితే చిందరవందర" అంది. అది సర్దకుండా వదిలేసిన ఇంటి గురించి చెప్పే మాట. నా స్నేహితురాలి ఇల్లు ఎప్పుడూ సర్దే ఉంటుంది. అయినా ఒక్క వస్తువు ఎక్కువైతే తనకి ఊపిరాడదు. చివరికి గుడివాడ నుంచి ఫోన్లో అమ్మమ్మ తేల్చింది: "అటక మీదికి పోయే సామానులే అదంతా."

అటక తెలియని వాళ్లకి ఒక మాట. పాత తెలుగు ఇళ్లలో గది పైకప్పుకి కొంచెం కిందుగా ఒక పెద్ద అర ఉంటుంది, అదే అటక. పెళ్లిలో వచ్చిన స్టీలు బిందెలు, వాడని గిన్నెలు, పాత ట్రంకు పెట్టె అన్నీ అక్కడికి ఎక్కుతాయి. ఎవరు ఏమిచ్చినా అమ్మమ్మ నవ్వుతూ తీసుకోగలిగేది, ఎందుకంటే అటక ఉంది. ఎడిసన్‌లో నా స్నేహితురాలిది ఒకే పడకగది ఉన్న అపార్ట్‌మెంట్. అటక లేదు, బేస్‌మెంట్ లేదు.

తను గృహప్రవేశానికి పిలిచినప్పుడు పిలుపులోనే "నో బాక్స్‌డ్ గిఫ్ట్స్ ప్లీజ్" అని రాసింది. ఇక్కడి తెలుగు పిలుపుల్లో ఈ మాట మీరూ చూసే ఉంటారు. మన ఆంటీలు దీన్ని రకరకాలుగా అర్థం చేసుకున్నారు. కొందరు కవరు తెచ్చారు. కొందరు పెట్టె లేకుండా బహుమతి మాత్రం తెచ్చారు! ఇత్తడి దీపం, గోడ గడియారం, మూడు కుంకుమ భరిణెలు. వద్దంటే మర్యాదకి వద్దంటోంది అనుకుంటాం మనం. అదీ తప్పు కాదు, ఎందుకంటే మనలో చాలామంది నిజంగానే మర్యాదకే వద్దంటారు. కానీ తను మర్యాదకి అనలేదు.

నేను తెలివైనదాన్ని అనుకుని వస్తువు ఇవ్వలేదు, అనుభవం ఇచ్చాను. ఇద్దరు కలిసి కుండలు చేయడం నేర్చుకునే ఒక క్లాసుకి కూపన్. 140 డాలర్లు. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఇదే సలహా కదా, సామాను వద్దనే వాళ్లకి అనుభవాలు ఇవ్వండి అని. తను చాలా సంతోషించింది. తర్వాత ఏడాది గడిచింది. క్లాసు శనివారం మధ్యాహ్నం మాత్రమే. కారులో ముప్పావుగంట. తనకి ఖాళీ ఉన్న శనివారం వాళ్లకి సీట్లు లేవు, సీట్లు ఉన్న శనివారం తనకి ఎవరిదో పెళ్లి. గడువు అయిపోయింది. చాలా రోజుల తర్వాత నాకు చెప్పింది: "ఏమీ అనుకోకే. ఆ కూపన్ గుర్తొచ్చినప్పుడల్లా నీకు బాకీ ఉన్నట్టు అనిపించేది."

ఆ "బాకీ" అన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నా కూపన్ తన ఇంట్లో చోటు తీసుకోలేదు, నిజమే. కానీ తన శనివారాల్లో చోటు తీసుకుంది. అది కూడా అటక మీది సామానే, కనపడదు అంతే.

కూపన్ల గురించి ఒక విషయం అప్పుడే తెలుసుకున్నాను. అమెరికాలో గిఫ్ట్ కార్డులకి కనీసం 5 ఏళ్ల గడువు ఉండాలని 2009లో చేసిన ఫెడరల్ చట్టం ఉంది. నా కూపన్‌కి కూడా అది వర్తిస్తుంది అనుకున్నాను. కానీ ఆ రక్షణ సాధారణంగా డాలర్ల అంకె ఉన్న కార్డుకే. "50 డాలర్లు" అని ఉంటే సరే. "ఒక క్లాసు", "ఒక మసాజ్" అని మాత్రమే రాసి ఉంటే, డబ్బు అంకె లేకపోతే, సాధారణంగా ఆ చట్టం కిందికి రాదు. ఏదైనా ప్రదర్శనకో చోటుకో లోపలికి వెళ్లడానికి మాత్రమే పనికొచ్చే టికెట్లకి కూడా ఆ చట్టం వర్తించదు. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉండొచ్చు. అంటే మనం అందరికీ కొనివ్వమని చెప్పే అనుభవాల కూపన్లే, మామూలు గిఫ్ట్ కార్డు కన్నా తొందరగా చచ్చిపోగలవు. కొనే ముందు రెండు చూడండి: మీద డాలర్ల అంకె ఉందా, గడువు ఎప్పుడు.

అయితే అనుభవాలు ఇవ్వడం తప్పా? కాదు. సిండీ చాన్, కాసీ మోగిల్నర్ అనే ఇద్దరు పరిశోధకులు 2017లో ఇదే విషయం మీద ఒక వ్యాసం ప్రచురించారు. వస్తువు ఇచ్చినప్పటి కంటే అనుభవం ఇచ్చినప్పుడు, తీసుకున్న వాళ్లకి ఇచ్చిన వాళ్లతో బంధం ఎక్కువ బలపడుతుందని వాళ్లు చూపించారు. ఇచ్చిన మనిషి పక్కన లేకపోయినా సరే. నాకు ముఖ్యం అనిపించింది వాళ్లు చెప్పిన కారణం. కానుక అందుకున్న నిమిషంలో కలిగే సంతోషం కాదు, దాన్ని అనుభవిస్తున్నప్పుడు కలిగే భావోద్వేగం వల్ల బంధం పెరుగుతుందట. మరి నా కూపన్ని తను అనుభవించనే లేదు కదా. బంధం పెరగడానికి అక్కడ ఏమీ జరగలేదు. బాకీ మాత్రం పెరిగింది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. సామాను వద్దనే మనిషికి కూపన్ ఇవ్వకండి, తేదీ ఇవ్వండి. తేదీ మీరిద్దరూ కలిసి ముందే ఖాయం చేయండి. బుక్ చేయడం, కారు నడపడం, గుర్తు చేయడం మీ పని. కుదరకపోతే రద్దు చేసే పని కూడా మీదే. తనకి మిగలాల్సింది రావడం ఒక్కటే.

రెండోసారి నేను అదే చేశాను. తనకి చాలా రోజులుగా ఆవకాయ నేర్చుకోవాలని ఉంది. వాళ్ల అమ్మగారు ఉన్నప్పుడు నేర్చుకోలేదని బాధ. పోయిన మే నెలలో తన పుట్టినరోజుకి నేను చెప్పింది ఒకటే: "వచ్చే ఆదివారం పొద్దున పదింటికి మా ఇంటికి రా. ఖాళీ చేతులతో రా." కత్తిపీట మా అమ్మ స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చాను. టెంకతో సహా కాయ కోయడానికి మామూలు చాకు సరిపోదు. కానీ ఏడాదికి ఒక్కరోజు వాడే కత్తిపీట కొనడం అంటే మళ్లీ అటక సామానే. ఓక్ ట్రీ రోడ్డులో 5 పెద్ద పచ్చి మామిడికాయలు కొన్నాను, గట్టిగా, పుల్లగా, లోపల టెంక ముదిరినవి.

కాయలు కడిగి, బట్టతో పొడిగా తుడిచాం. ఇది తను మూడుసార్లు చేసింది, ఎందుకంటే తడి తగిలితే బూజు పడుతుందని అమ్మ భయపెట్టింది. ముక్కలు కోసి, లోపలి జీడి తీసేశాం. ముక్కలు కప్పుతో కొలిస్తే 8 కప్పులు వచ్చాయి. దానికి 2 కప్పుల ఆవపిండి, 2 కప్పుల కారం, కప్పున్నర ఉప్పు, కొంచెం మెంతులు, సుమారు 3 కప్పుల నువ్వుల నూనె. ఆవాలు మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే వేడెక్కి చేదు వస్తుంది, కాబట్టి ఆపి ఆపి తిప్పాం. కలిపి జాడీలో పెట్టాం. మూడో రోజు మళ్లీ కలపాలి, దాన్ని తిరగకలపడం అంటారు. ఆ రోజు ముక్కల పైన నూనె తేలాలి. మాకు తేలలేదు. ఇంకో అరకప్పు పోశాం.

గమనించండి, ఈ కానుకకి రెండు తేదీలు ఉన్నాయి. ఆదివారం, తర్వాత మూడో రోజు అంటే మంగళవారం సాయంత్రం. నిజం చెప్పాలంటే మంగళవారమే బాగుంది. ఆదివారం పనిలో మాట్లాడుకోలేదు. మంగళవారం పది నిమిషాలు కలిపి, రెండు గంటలు వేడి అన్నంలో తింటూ వాళ్ల అమ్మగారి గురించి మాట్లాడుకున్నాం. తన వాటాగా రెండు చిన్న సీసాలు చాలంది. మిగిలింది నేను, అమ్మ, కత్తిపీట ఆంటీ పంచుకున్నాం.

ఇది విని అమ్మ అడిగింది: "మరి ఆవకాయ వస్తువు కాదా?" మంచి ప్రశ్న. తినేస్తే అయిపోయే వస్తువు వేరు, నా లెక్కలో. కానీ జాగ్రత్త, ఎంత కావాలో వాళ్లనే అడగాలి. ఐదు కిలోల పచ్చడి ఇస్తే ఫ్రిజ్జే అటక అవుతుంది.

అసలు వస్తువులు అన్నీ తప్పని కూడా నేను అనను. ఆ రోజు తన మిక్సీ జార్ కారుతోందని మాటల్లో అంది. మూతకి లోపల ఉండే రబ్బరు అరిగిపోయింది. 6 డాలర్ల రబ్బరు తెప్పించి ఇచ్చాను. పాతది పారేసి కొత్తది పెట్టుకుంది. ఇంట్లో వస్తువుల లెక్క మారలేదు. అంత సంతోషంగా తను ఏ కానుకా తీసుకోవడం నేను చూడలేదు. సామాను వద్దనే వాళ్లు వస్తువుల్ని ద్వేషించరు, చాలాసార్లు ఉన్న కొన్నిటినీ మనకంటే ఎక్కువ ప్రేమిస్తారు. ఉన్నదాన్ని బాగు చేసే వస్తువు వాళ్లకి భారం కాదు.

మన పద్ధతిలో దీనికి పాత జవాబు ఒకటి ఉంది, చదివింపులు. పెళ్లిలో ఎవరు ఎంత ఇచ్చారో పైకి చదివి, పుస్తకంలో రాస్తారు. నూట పదహార్లు అంటే 116. నేను చిన్నప్పుడు చదివింపులు అంటే స్కూలు ఫీజు అనుకునేదాన్ని! డబ్బు చోటు తీసుకోదు, గడువు అయిపోదు. కానీ రాసి పెట్టుకుంటారు, వాళ్లింట్లో పెళ్లికి మనం తిరిగి చదివించాలి. అంటే అక్కడ కూడా బాకీ ఉంది. తేడా ఏంటంటే ఆ బాకీ ఎలా తీర్చాలో అందరికీ తెలుసు. నా కుండల కూపన్ బాకీ ఎలా తీర్చాలో తనకి తెలియలేదు.

మాటల సంగతి కూడా చెప్పి ఆపుతాను. నేను ఇన్నాళ్లూ గిఫ్ట్‌కి "బహుమతి" అని రాస్తున్నాను. పోటీలో గెలిస్తే వచ్చేది కూడా బహుమతే, కానీ ప్రేమగా ఇచ్చేదానికి "కానుక" అంటే బాగుంటుంది అని అమ్మమ్మ దిద్దింది. పైన ఆంటీల దగ్గర ఒకచోట బహుమతి అనే ఉంచాను, కావాలనే.

అక్టోబర్‌లో తను మా ఇంటికి వచ్చి రెండు ఖాళీ సీసాలు కడిగి తెచ్చి ఇచ్చింది. "ఇవి నీవే కదా, మే నెలకి కావాలి" అంది.