దళితుడి పేరు ఉంటే చాలదు, దళితుడు ఏం చేసిండో చూడాలె!

పాఠ్యపుస్తకాల సమీక్ష వచ్చినప్పుడల్లా పంతుళ్ళ చేతికి ఒక ఫారం వస్తది. అందులో నాలుగు గడులు: విషయం సరిగ్గా ఉందా, భాష పిల్లల స్థాయికి తగ్గట్టుందా, కృత్యాలు పనికొస్తయా, అందరికీ చోటుందా. ఒక్కో గడికి మార్కులేసి, చివరికి అన్నీ కూడి, పాఠం బాగుందని సంతకం పెడతరు. ఈ కూడికలోనే మన బిడ్డలకు జరిగే అన్యాయం దాక్కుంటున్నదని మేము అంటున్నం. మాట గాలికి చెప్పకుండా ఒక పాఠం తీసుకొని ఫారం నింపి చూపిస్తం.

2006లో ఎన్సీఈఆర్టీ తెచ్చిన తొమ్మిదో తరగతి అర్థశాస్త్రంలో మొదటి పాఠం పాలంపూర్ గ్రామ కథ. 2014లో మన పదో తరగతి సాంఘిక శాస్త్రంలో వచ్చిన రాంపురం పాఠానిదీ ఆ పోలికే. పాలంపూర్లో 450 కుటుంబాలు. అందులో 150 కుటుంబాలకు గుంట భూమి లేదు, వాళ్ళలో ఎక్కువమంది దళితులు. డాలా, రాంకలి అనే కూలీలకు సర్కారు పెట్టిన కనీస కూలి కూడా అందదు. ఎందుకు అందదు? పని కోసం కూలీల మధ్య పోటీ ఎక్కువ, అందుకే తక్కువకు ఒప్పుకుంటరు అని పాఠం చెప్తది.

మొదటి గడి, విషయం. పాలంపూర్ ఊహించిన ఊరని పాఠమే చెప్పింది కాబట్టి అది తప్పు కాదు. మేం చూసేది కారణం. పోటీ ఉన్నమాట నిజమే, కాని అది సగం నిజం. ఆ పాఠం రాసిన నాటికి 1948 కనీస వేతనాల చట్టం అమల్లో ఉంది. కనీస కూలి కంటే తక్కువిచ్చి పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తదని సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ కూలీల కేసులో తీర్పు చెప్పింది. చట్టం తప్పింది కూలి ఇచ్చే ఆసామి. పాఠంలో బోనెక్కింది కూలీ! ఈ గడికి సగం మార్కులే.

రెండో గడి, భాష. భూమి లెక్క హెక్టార్లలో ఉంది. ఆర్మూరు పల్లెల్లో ఏ పిల్లగాడూ హెక్టారు అనడు, ఎకరం, గుంట అంటడు. ఒక హెక్టారు సుమారు రెండున్నర ఎకరాలు, అంటే దగ్గరదగ్గర వంద గుంటలు. పక్కన ఈ ఒక్క ముక్క రాస్తే సరిపోతది. 'కూలి' పక్కన 'కైకిలి' అని రాస్తే మన పోరడికి తన తల్లి పనే పుస్తకంలో కనబడతది.

మూడో గడి, కృత్యాలు. పాలంపూర్లో కూలి ఎందుకు తక్కువ అని పాఠం చివర ప్రశ్న ఉంది. 'పోటీ' అని రాస్తే మార్కులు పడతయి. అంటే తన కైకిలి తగ్గడానికి తన తల్లే కారణమని దళిత బిడ్డ తన చేత్తో రాయాలె. దాని బదులు మేము ఈ కృత్యం రాస్తం: పసుపు తవ్వే కాలంలో తవ్వినందుకు ఎంత, కొమ్ములు విరిచినందుకు ఎంత, మగోళ్ళకు ఎంత, ఆడోళ్ళకు ఎంత అని మీ వాడల అడుగుండ్రి. కార్మిక శాఖ రేటు పంతులు తెచ్చి పక్కన రాయాలె. తేడా ఎవరి జేబులోకి పోయిందో తరగతిలో మాట్లాడుకోవాలె. ఒక జాగ్రత్త: పిల్లల్ని ఆసామి గడపకు పంపొద్దు, కాగితం మీద ఎవరి పేరూ రాయొద్దు. ఆసామికి కోపమొస్తే తెల్లారి పని పోయేది తల్లిదండ్రులకే.

నాలుగో గడి, అందరికీ చోటు. పాఠంలో దళితుల ప్రస్తావన ఉందా? ఉంది. టిక్కు పెట్టి ఫుల్లు మార్కులేస్తరు. ఇక్కడనే మోసపోతున్నం. దళితుల గురించి, కూలీల గురించి ఉన్న ప్రతి వాక్యం కింద గీత గీసి, క్రియను చూడుండ్రి: ఊరికి ఒక మూలన ఉంటరు, భూమి లేదు, పని దొరకదు, తక్కువకు ఒప్పుకుంటరు. పండించేది వాళ్ళ చేతులే అయినా పండించినోళ్ళుగా కనబడరు. అడిగినోళ్ళుగా అసలే కనబడరు. లేమి తప్ప పని లేని చోటు చోటు కాదు.

అందుకే మాది రెండు మాటల డిమాండు. ఒకటి, నాలుగు గడుల మార్కులు కూడొద్దు. కూడితే భాషకు పడ్డ మార్కులు నాలుగో గడి లోటును కప్పేస్తయి. ఏ ఒక్క గడిలో తప్పినా పాఠం వెనక్కి పోవాలె. రెండు, మార్కుల పక్కన పేజీ, వాక్యం, దాని బదులు పెట్టాల్సిన వాక్యం రాసే జాగా ఉండాలె. 'పాఠం వివక్షతో ఉంది' అని రాస్తే ఆఫీసులో పక్కన పడేస్తరు. 'కనీస కూలి ఇవ్వని యజమాని చట్టం తప్పినట్టే, అడిగే హక్కు కూలీలకు ఉంది' అని వాక్యమే రాసిస్తే దాన్ని కాదనడానికి కారణం వాళ్ళు చెప్పాలె.

పంతుళ్ళూ, సంఘం కార్యకర్తలూ! ఫారం నింపే ముందు ఆ పాఠం వాడల చదివి వినిపించుండ్రి. కైకిలికి పోయే తల్లులు ఏ వాక్యం దగ్గర 'గట్ల కాదు' అంటరో ఆ వాక్యం నంబరు ఫారంలో ఎక్కించుండ్రి. తేదీ వేసి ఒక నకలు సంఘం దగ్గర పెట్టుండ్రి. కొత్త పుస్తకం అచ్చయినంక ఆ నకలు పక్కన పెట్టి, ఏ వాక్యం మారిందో, ఏది మారలేదో లెక్క అడుగుదాం.

జై భీమ్!