ఫ్రీక్వెన్సీ మూడు దాటితే యాడ్ మార్చాలా?

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ప్రకటనలు ఇచ్చే చిన్న వ్యాపారుల మధ్య ఒక సూత్రం వేదవాక్యమై కూర్చుంది. ఫ్రీక్వెన్సీ మూడు దాటి, క్లిక్ రేటు పడిపోతుంటే ఆ యాడ్ పాతబడినట్టే, దాన్ని ఆపేసి కొత్త ఫొటో పెట్టాలి అని. యూట్యూబ్ పాఠాల్లో ఇదే వినిపిస్తుంది. నెలకింత అని ఫీజు తీసుకుని యాడ్లు నడిపేవాళ్లలో చాలామంది చెప్పేదీ ఇదే. ఈ సూత్రం తప్పు. రోజుకు ఐదు వందలో వెయ్యో ఖర్చుపెట్టి గృహాలంకరణ వస్తువులు అమ్ముకునేవాళ్లకు ఇది నష్టం కూడా. యాడ్ పాతబడదని నేను అనడం లేదు. పాతబడిందని ఎలా తెలుసుకోవాలో, తెలిశాక ఏం మార్చాలో ఈ సూత్రం చెప్పదు. నా అభ్యంతరం అదీ.

ఈ ‘మూడు’ కొత్త సంఖ్యేమీ కాదు. జనరల్ ఎలక్ట్రిక్‌లో ప్రజాభిప్రాయ పరిశోధన చూసిన హెర్బర్ట్ క్రుగ్‌మన్ 1972లో, ప్రకటనను మూడుసార్లు చూపిస్తే చాలవచ్చునని ఒక వ్యాసం రాశాడు. ఆయన చెప్పింది మనిషి మనసులో జరిగే మూడు దశల గురించి. మొదటిసారి ‘ఇదేమిటి’ అనుకుంటాడు, రెండోసారి ‘నాకేం పని’ అనుకుంటాడు, మూడోసారి దాన్ని గుర్తుపట్టి కొనడమో వదిలేయడమో తేల్చుకుంటాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చూసినా అది మూడోదాని పునరుక్తే అన్నాడాయన. పైగా తెర మీద పదిసార్లు కనబడినా మనసు పెట్టకపోతే మొదటి దశే దాటకపోవచ్చు. మనసులోని దశలను తెర మీది లెక్కగా మార్చేసి, నాలుగోసారి నుంచీ డబ్బు దండగ అనుకోవడం ఆయన మాటకు పూర్తిగా వ్యతిరేకం.

మన ప్రాంతపు సరుకుతోనే ఒక లెక్క వేసి చూద్దాం. పాచిపెంటలో ఒకరు ఇంటి నుంచే చిన్న వ్యాపారం చేస్తున్నారనుకోండి. సాలూరు మీదుగా బొబ్బిలి వెళ్లి, గొల్లపల్లి కళాకారులు చేసే చిన్న వీణలు తెస్తారు. అవి వాయించడానికి కావు, షోకేసులో పెట్టుకోవడానికి, కానుకగా ఇవ్వడానికి. ధర 1,500 రూపాయలు. కొన్న ఖర్చు, ప్యాకింగు, కొరియరు పోగా ఒక్కోదానిపై 500 మిగులుతుంది. రోజుకు 500 చొప్పున వారానికి 3,500 రూపాయలు యాడ్‌కు పెడతారు. వెయ్యిసార్లు చూపించడానికి 70 రూపాయలు పడుతుంటే వారానికి యాభై వేలసార్లు యాడ్ కనబడుతుంది. ఈ అంకెలన్నీ ఉదాహరణకు నేను వేసుకున్నవే, కానీ వాటి నడక నిజమైన ఖాతాల్లో కనిపించే నడకే.

మొదటి వారం ఆ యాభై వేలు నలభై వేలమందికి చేరాయి. ఫ్రీక్వెన్సీ 1.25. లింకు మీద క్లిక్ రేటు 1.6 శాతం, అంటే 800 క్లిక్కులు, 14 ఆర్డర్లు. ఒక్కో ఆర్డరుకు యాడ్ ఖర్చు 250. నాలుగో వారానికి అదే ఖర్చుతో యాడ్ ఇరవై వేలమందికే చేరింది. ఆ వారపు ఫ్రీక్వెన్సీ 2.5, మొదటి రోజు నుంచి లెక్కిస్తే మూడు దాటింది. క్లిక్ రేటు ఒక శాతానికి పడి 500 క్లిక్కులే వచ్చాయి. సలహాదారు ఫోన్ చేసి ‘మార్చేయండి’ అనేది సరిగ్గా ఈ వారమే. ఆర్డర్లు చూడండి. పదమూడు వచ్చాయి. యాడ్ ఖర్చు ఆర్డరుకు 269. ఖర్చు పోగా మొదటి వారం 3,500 మిగిలితే ఈ వారం 3,000 మిగిలింది. క్లిక్కులు మూడో వంతుకు పైగా తగ్గాయి, వ్యాపారం దాదాపు అలాగే ఉంది.

ఎందుకిలా? కొత్త వస్తువు కనబడగానే చూద్దామని నొక్కేవాళ్లు మొదటి వారంలోనే నొక్కేస్తారు. ఆ కుతూహలం క్లిక్కు అవుతుంది కానీ ఆర్డరు కాదు. తర్వాత నొక్కేవాళ్లు తక్కువమంది, కానీ కొనాలని వచ్చినవాళ్లు ఎక్కువ. సంతలో రెండు వారాలు చూసి వెళ్లినవాడు మూడో వారం డబ్బు పట్టుకుని వచ్చినట్టే ఇది. ఇంటి అలంకరణ వస్తువు ఉప్పూ పప్పూ కాదు, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకుని కొనేది. ఇలాంటి సరుకుకు రెండోసారి, మూడోసారి చూపు వృథా కాదు. క్లిక్ రేటు ఒక్కటే చూసి నాలుగో వారంలో యాడ్ ఆపేస్తే, కొనబోతున్నవాడి ముందు నుంచి దుకాణం ఎత్తేసినట్టవుతుంది.

ఇప్పుడు ఆరో వారం చూద్దాం. చేరినవాళ్లు పదిహేను వేలు, ఫ్రీక్వెన్సీ 3.3, క్లిక్ రేటు 0.7, క్లిక్కులు 350, ఆర్డర్లు ఆరు. ఆర్డరు ఖర్చు 583. మిగులు 500 మాత్రమే కాబట్టి ఆ వారం చేతి నుంచి 500 పోయింది. ఇది మేలుకోవాల్సిన వారం. మెటా తన యాడ్స్ మేనేజర్‌లో Creative fatigue అని చూపించే హెచ్చరిక కూడా ఇలాంటి లెక్క మీదే నిలుస్తుంది. ఫలితానికి అయ్యే ఖర్చు మీ పాత యాడ్ల ఖర్చుకు రెట్టింపు, అంతకు మించి అయితే ఆ మాట వస్తుంది. అంత కాకుండా పెరిగితే Creative limited అంటుంది. సంస్థే ఫలితపు ఖర్చును కొలబద్దగా పెట్టుకుంటే, మన సలహాదారులు ఫ్రీక్వెన్సీని పట్టుకుని వేలాడటం విడ్డూరం. అయితే వారానికి ఆరు, పద్నాలుగు వంటి చిన్న సంఖ్యల్లో అదృష్టం కూడా ఆడుతుంది. ఒక్క వారం చూసి తేల్చకండి. మరుసటి వారమూ అలాగే ఉంటే అప్పుడు నమ్మండి.

నమ్మిన తర్వాత కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. తప్పు యాడ్‌దేనా? గృహప్రవేశానికి కానుక అంటూ చిన్న వీణ యాడ్ వేశారు. జ్యేష్ఠం వెళ్లి ఆషాఢం వచ్చింది. మనవాళ్లు ఆషాఢంలో గృహప్రవేశాలు చేయరు, పెళ్లిళ్లూ చేయరు. క్లిక్కులు పడిపోతాయి, ఆర్డర్లూ పడిపోతాయి. అదే సమయంలో అదే జనానికి యాడ్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది కనుక ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. తెర మీద ఇది అచ్చంగా అలసిపోయిన యాడ్‌లాగే కనబడుతుంది. కొత్త వీడియో తీయించినా ఆషాఢం ఆషాఢమే. శ్రావణం రాగానే ఆర్డర్లు పెరుగుతాయి, ఆ ఘనత కొత్త వీడియో ఖాతాలో పడుతుంది, తప్పుడు సూత్రం ఇంకా బలపడుతుంది.

దీన్ని తేల్చే పరీక్ష సులువైనదే. అదే పోస్టును, కామెంట్లతో సహా, ఇంతవరకు చూపించని ప్రాంతానికి వేరే యాడ్ సెట్‌గా పెట్టండి. ఇప్పటిదాకా విశాఖ, హైదరాబాదు చూపించి ఉంటే ఈసారి విజయవాడ, రాజమండ్రి ఎంచుకోండి. రోజుకు 200 చొప్పున ఒక వారం నడపండి. ఈ డబ్బుకు ఐదారు ఆర్డర్లకు మించి ఆశించలేం కాబట్టి ఇక్కడ మాత్రం క్లిక్ రేటునే చూడండి, దాన్ని మొదటి వారపు క్లిక్ రేటుతో పోల్చండి. కొత్త జనం దగ్గర పాత యాడ్ మొదటి వారంలాగే పనిచేస్తే, పాత జనానికి అది పాతబడిందన్నమాట. కొత్త జనం కూడా పట్టించుకోకపోతే తప్పు యాడ్ పాతదనంలో లేదు. కాలంలోనో, ధరలోనో, పోటీలోనో ఉంది.

ఇంకో సందర్భంలో తప్పు పరిధిది. సాలూరు, పార్వతీపురం, బొబ్బిలి చుట్టుపక్కల మాత్రమే చూపించమని పెట్టారనుకోండి, అక్కడ దొరికే జనం ముప్ఫై వేలు అనుకోండి. రోజుకు ఏడు వేలసార్లు చూపిస్తే నాలుగైదు రోజుల్లో ఒక చుట్టు తిరిగిపోతుంది, నెల తిరిగేసరికి సగటున ఏడుసార్లు అవుతుంది. అది సగటు మాత్రమే. ఫోన్ ఎక్కువగా చూసేవాడి ముందు పదిహేనుసార్లు వచ్చి ఉంటుంది. ఇక్కడ ఎన్ని కొత్త వీడియోలు తీసినా అవీ నెలకు ఏడుసార్లే తిరుగుతాయి. ఖర్చు తగ్గించడమో, పరిధి పెంచడమో ఒక్కటే మందు.

ఇవన్నీ చూశాక యాడ్ నిజంగానే పాతబడిందని తేలితే మార్చాల్సిందే. కానీ మన దగ్గర మార్పు పేరిట ఎక్కువగా జరిగేది రంగు మార్చడం. ఎర్ర బ్యాక్‌గ్రౌండ్ నీలం అవుతుంది, ‘ఆఫర్’ స్టిక్కరు ఎడమ నుంచి కుడికి జరుగుతుంది. బొటనవేలితో తెర జరుపుతూ పోయేవాడికి అది నిన్నటి వీణ ఫొటోనే. అతను తిరస్కరించింది రంగును కాదు, ఒకే మాటను మళ్లీ మళ్లీ వినడాన్ని. కాబట్టి మార్చాల్సింది మాట.

ఆ కొత్త మాట ఎక్కడ దొరుకుతుందో వెతుక్కోవాల్సిన పని లేదు. వాట్సాప్‌లో కొనేవాళ్లు అడిగిన ప్రశ్నల్లోనే ఉంటుంది. ‘ఎంత సైజు అండీ’ అని పదిమంది అడిగితే, అరచేతి పక్కన పెట్టిన వీణతో మొదలయ్యే వీడియో ఒక యాడ్. ‘కొరియర్‌లో విరిగిపోదా’ అని అడిగితే, దండి చుట్టూ మెత్త చుట్టి పెట్టెలో సర్దే పది సెకన్లు ఇంకో యాడ్. ‘మెషీన్‌తో చేసిందా’ అని అడిగితే, గొల్లపల్లిలో పనస చెక్క మీద ఉలి ఆడుతున్న చెయ్యి మూడో యాడ్. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉందన్న మాట ఆ మూడోదానికి చక్కగా అతుకుతుంది. ఈ మూడూ మూడు వేర్వేరు అనుమానాలు తీరుస్తాయి. మొదటి యాడ్‌ను ఐదుసార్లు చూసి కదలనివాడు వీటిలో ఒకదానికి కదలవచ్చు.

వీటిని పెట్టే పద్ధతి కూడా ముఖ్యమే. పాత యాడ్‌లోకి వెళ్లి ఫొటో మార్చకండి, అలా మారిస్తే మెటా నేర్చుకునే దశ మళ్లీ మొదటికి వస్తుంది. ఆ దశ దాటడానికి వారంలో సుమారు యాభై ఫలితాలు కావాలి. వారానికి పద్నాలుగు ఆర్డర్లు వచ్చేవాడు ఎలాగూ అక్కడికి చేరడు, ఉన్న కాస్త జ్ఞానాన్నీ వారం వారం తుడిచేసుకోకూడదు. పాతదాన్ని అలాగే ఉంచి, పక్కన వేరే యాడ్ సెట్‌లో ఒక్క కొత్త యాడ్ పెట్టండి. పాత సెట్‌లోనే చేర్చినా ఆ దశ మళ్లీ మొదటికి వస్తుంది. మూడూ ఒకేసారి వద్దు. రోజుకు 500ను నాలుగు ముక్కలు చేస్తే ఏదీ తేలదు. కొత్తదాన్ని రోజుకు 200తో రెండు వారాలు నడిపి ఆర్డరు ఖర్చు చూడండి. కొత్తది 500 లోపు నిలదొక్కుకున్నాకే పాతదాన్ని ఆపండి. ఆపినదాన్ని చెరపకండి. ఆషాఢం వెళ్లాక, కొత్త ఊళ్లకు వెళ్లినప్పుడు అది మళ్లీ పనికొస్తుంది.

యాడ్లు నడిపిపెట్టేవాళ్లకు నా విన్నపం ఒకటే. నెలాఖరు నివేదికలో ఫ్రీక్వెన్సీ, క్లిక్ రేటు కంటే ముందు ఆర్డరు ఖర్చును, వస్తువు మీద మిగులును రాయండి. చిన్న వ్యాపారులకు చెప్పేది కూడా అంతే. ‘ఫ్రీక్వెన్సీ మూడు దాటింది, కొత్త వీడియోకు డబ్బు పంపండి’ అని ఎవరైనా అంటే, ఒక్కో ఆర్డరుకు ఈ రెండు వారాల్లో ఎంత పడిందో అడగండి. జవాబు రాకపోతే డబ్బు పంపకండి.