పిల్లర్ పేజీ ముందు కాదు, తర్వాత

టాపిక్ క్లస్టర్ కట్టాలంటే ముందు పిల్లర్ పేజీ రాయాలని, అనుబంధ పోస్టులు ఆ తర్వాతేనని చాలాచోట్ల నేర్పుతారు. ఈ నమూనాకు 2017లో హబ్‌స్పాట్ బాగా ప్రచారం తెచ్చింది. అప్పటికే ఆ సంస్థకు పెద్ద బ్లాగు ఉంది. పాత పోస్టులను ఒక తాటిపైకి తెచ్చుకోవడమే దాని అవసరం. ఒక్క పోస్టూ లేని కొత్త సైట్‌కు ఈ క్రమం పనికిరాదు.

మిద్దె తోటల మీద ఒక కొత్త సైట్ మొదలైందనుకుందాం. ‘మిద్దె తోట’ పేరుతో నాలుగు వేల మాటల పిల్లర్ పేజీ పెడితే, ఆ మాట మీద అది పత్రికలతోనూ పాత సైట్లతోనూ పోటీపడాలి. బయటినుంచి లింకుల్లేని పేజీ ఆ పోటీలో బాగా వెనకబడుతుంది. దానికంటే పెద్ద నష్టం మరొకటుంది. పాఠకులు నిజంగా ఏం అడుగుతున్నారో తెలియకముందే విభాగాలన్నీ ఊహతో గీసేయాల్సివస్తుంది.

ఇరుకైన ప్రశ్నతో మొదలుపెడితే పరిస్థితి వేరు. మొదటి పోస్టు టమాటా ఆకు ముడత గురించి అనుకుందాం: తెల్లదోమ వైరస్‌ను మోసుకొస్తుంది, సోకిన మొక్క కోలుకోదు, పీకేయాలి. కొన్ని వారాల తర్వాత సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీకి వచ్చిన ప్రశ్నలు చూస్తే, ‘మిరప ఆకు ముడత’కు ఇంప్రెషన్లు ఉండి క్లిక్కులు లేకపోవచ్చు. రెండో పోస్టు ఏమిటో అక్కడే తేలిపోతుంది. మిరప సంగతి వేరు: ఆకు పైకి ముడుచుకుంటే సాధారణంగా తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. మిరపను టమాటా పోస్టులోనే ఇరికించడం తప్పు, ఎందుకంటే కారణమూ మందూ మారిపోయాయి. రెండు పోస్టులూ ఒకదానికొకటి లింకు ఇచ్చుకోవాలి. ఆ లింకు ‘ఇక్కడ నొక్కండి’ అని కాక, ‘మిరప ఆకు కిందికి ముడుచుకుంటే’ అని ఉండాలి.

పిల్లర్ లేకపోతే పోస్టులు చెల్లాచెదురవుతాయన్నది ప్రధానమైన అభ్యంతరం. ఆరేడు పోస్టులున్న సైట్‌లో హోమ్ పేజీయే అన్నిటికీ లింకు ఇవ్వగలదు. ఏ పోస్టుకూ లోపలినుంచి లింకు లేకుండా ఉండకూడదు, అంతే.

ఇలా కొన్ని పోస్టులు తమ ప్రశ్నలకు కనిపించడం మొదలయ్యాక పిల్లర్ రాయాలి. అప్పుడది ప్రతి విషయాన్నీ రెండు పేరాల్లో చెప్పి, వివరాన్ని పోస్టుకే వదిలేస్తుంది. ఈ హద్దు దాటితే పిల్లరే తన పోస్టులతో పోటీకి దిగుతుంది. దాన్ని గుర్తించడం సులువే. సెర్చ్ కన్సోల్‌లో ఒక ప్రశ్నను ఎంచుకుని పేజీల జాబితా చూడాలి. ఒకే ప్రశ్నకు వారానికొక పేజీ మారుతూ, రెండూ కింద కిందనే ఉంటే, పిల్లర్‌లోని ఆ భాగాన్ని కుదించాలి. రెండు పోస్టులే ఇలా ఢీకొంటే వాటిని కలిపి, బలహీనమైన చిరునామాను 301తో రెండోదానికి మళ్లించాలి.

ఇప్పటికే పేరూ లింకులూ ఉన్న పత్రిక కొత్తగా తోటల విభాగం తెరిస్తే, పిల్లర్‌తో మొదలుపెట్టినా నిలబడగలదు. ఆ బలం లేని సైట్‌కు మాత్రం టమాటా ఆకు ముడత లాంటి ఒక్క ప్రశ్నకు పూర్తి జవాబే సరైన ఆరంభం.