43 శాతం మేడమ్

ఈసారి ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు, రేపో మాపో చేరబోయే విద్యార్థులకు రాస్తున్నా. పోస్టు పొడుగ్గానే ఉంటది, ఓపిక పట్టండి.

నా తర్వాత పీహెచ్‌డీ చేసిన చెల్లె ఒకామె డిగ్రీ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్. వాళ్లది తాండూరు. నాయన నాపరాళ్ల గనిలో పనిచేసినోడు. ఆమె పేరు, కాలేజీ పేరు రాయను. మిగతాది ఆమెను అడిగే రాస్తున్నా. ఒక ఆదివారం పూట తాండూరు నుంచి వచ్చి వికారాబాద్ స్టేషన్‌లో దిగింది. చంకలో పసిబిడ్డ, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. "అన్నా, నాకు 43 మార్కులొచ్చినయే" అన్నది. స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర కూర్చుని ఆ ఫైలు చూసిన.

అది ఆమె వార్షిక పనితీరు మదింపు. బోధన గడిలో 43 శాతం, పక్కన 'సంతృప్తికరంగా లేదు'. కింద ప్రిన్సిపాల్ చేతిరాతతో ఒక వాక్యం: సంస్థ పట్ల అంకితభావం తగ్గింది, వైఖరి మార్చుకోవాలి.

ఈ 43 ఎక్కడిదో ముందు చెప్తా. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం బోధన గ్రేడు లెక్క చాలా సులువు. నీకు కేటాయించిన క్లాసులెన్ని, నువ్వు తీసుకున్నవెన్ని, శాతం ఎంత. 80, ఆపైన ఉంటే 'గుడ్'. 70 నుంచి 80 లోపు 'సంతృప్తికరం'. 70 కంటే తక్కువైతే గ్రేడు పోయినట్టే. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన, 30 వారాలు, మొత్తం 480 క్లాసులు. ఆమె తీసుకున్నవి 208. 208ని 480తో భాగిస్తే 43. లెక్క తప్పు లేదు. తప్పంతా ఆ 480లో ఉంది. ఎందుకంటే ఆ ఏడాది ఆమె ప్రసూతి సెలవులో ఉంది. సెలవు మంజూరు చేస్తూ సంతకం పెట్టింది కూడా ఆ ప్రిన్సిపాలే.

కాలేజీలో తోటివాళ్లు ఏమన్నారో వినండి. "ఒక్క ఏడాదే కదా మేడమ్, వదిలెయ్యండి" అని ఒకాయన. "మీకు ప్రమోషన్ ఎట్లాగూ వస్తది కదా" అని ఇంకొకాయన. రెండో మాట మనకు అలవాటైన మాటే. ఆయనకు తెలియనిదేంటంటే, కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీములో రిజర్వేషన్ రోస్టర్ ఉండదు. అందులో ఎవరి గ్రేడు వాళ్లదే. మొదటి మాటకు మాత్రం జవాబు చెప్పాలి. పీహెచ్‌డీ ఉన్నవాళ్లకు మొదటి మెట్టు నాలుగేళ్లకు వస్తది. ఆ నాలుగేళ్లలో కనీసం మూడేళ్లు 'గుడ్' గానీ 'సంతృప్తికరం' గానీ ఉండాలి. అంటే ఒక్క ఏడాది పోయినా తట్టుకోవచ్చు. కానీ రెండో ఏడాది పోతే ప్రమోషన్ ఆగుతది. ఒక ఏడాదిని ఊరికే వదిలేసినోళ్లు తర్వాత ప్రతి ఏడాదీ ఆ ప్రిన్సిపాల్ దయ మీద బతకాలి. వదిలెయ్యమని సలహా ఇచ్చేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

ఆ రాత్రి నేనే ఉత్తరం రాసిన. తెలుగు సాహిత్యంలో డాక్టరేటు కదా, ఊరుకుంటానా. ఐదు పేజీలు. అంబేద్కర్ ఉన్నాడు, సావిత్రిబాయి ఉంది, పాలిచ్చే తల్లి ఉంది, వెయ్యేళ్ల అవమానం ఉంది. మర్నాడు పొద్దున పంపితే ఫోన్ చేసింది. "అన్నా, చదువుతుంటే ఏడుపొచ్చింది. కానీ దీంట్ల 240 అనే అంకె ఎక్కడుంది?" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

ఆ 240 సంగతి ఇది. ఆ 2018 నిబంధనల్లోనే, గ్రేడుల పట్టిక కింద ఒక నోటు ఉంది. ప్రసూతి సెలవు, పిల్లల సంరక్షణ సెలవు, వైద్య సెలవు, స్టడీ లీవు, డిప్యుటేషన్ లాంటి కాలాన్ని మదింపు నుంచి తీసెయ్యాలి. మిగిలిన కాలానికే గ్రేడు కట్టి, దాన్నే మొత్తం కాలానికి వర్తింపజెయ్యాలి. ఆ సెలవు వల్ల పదోన్నతిలో నష్టం జరగొద్దు. షరతు ఒక్కటే, సెలవుకు ముందస్తు అనుమతి ఉండాలి. మధ్యలో వచ్చిన పండుగ సెలవులు పోను ఆమె సెలవు కిందికి వచ్చిన బోధనా వారాలు 15. పదిహేను పదహార్లు 240. కాబట్టి 480లోంచి 240 తీసేస్తే, ఆమెకు కేటాయించినవి మిగిలిన 240. అందులో 208 అంటే 86 శాతం దాటింది. అది 'గుడ్'.

పట్టికలో రెండో అంశం కూడా ఉంది. పరీక్షల విధులు, ఎన్‌ఎస్‌ఎస్, విద్యార్థుల కార్యక్రమాలు, పరిశోధన వ్యాసం వంటి వాటిలో కనీసం మూడు చేసి ఉంటే 'గుడ్'. ఆమెకు పరీక్షల విధుల ఉత్తర్వు ఉంది, ఎన్‌ఎస్‌ఎస్ బాధ్యత ఉంది, అచ్చయిన వ్యాసం ఉంది. ఇక 'అంకితభావం' అనే గడి ఆ పట్టికలో ఎక్కడా లేదు. నేను రెండుసార్లు వెతికిన.

ఇక్కడ ఒక మనిషి కథ చెప్పాలి. దేవ్ దత్ అని సరిహద్దు రోడ్ల నిర్మాణ విభాగంలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. సూపరింటెండింగ్ ఇంజనీరుగా ప్రమోషన్ కావాలంటే ఐదేళ్ల నివేదికల్లో 'వెరీ గుడ్' ఉండాలని షరతు. 1993-94లో ఆయనకు ఒక్క 'గుడ్' వచ్చింది. మంచి మాటే కదా, చెప్పాల్సిన పనేముందని ఆయనకు చెప్పలేదు. ఆ మంచి మాటే ఆయన ప్రమోషన్‌ను ఆపింది. సుప్రీంకోర్టు 2008 మే 12న ఇచ్చిన తీర్పులో ఏ గ్రేడైనా, మంచిదైనా చెడ్డదైనా, ఆ ఉద్యోగికి తెలియజెయ్యాలని, దానిమీద విన్నవించుకునే అవకాశం ఇయ్యాలని చెప్పింది. అప్పటికే ఆయన రిటైరైండు. 2013లో ముగ్గురు జడ్జీల బెంచి సుఖ్‌దేవ్ సింగ్ కేసులో దీన్నే ఖాయం చేసింది.

చాలామంది దేవ్ దత్ తీర్పును 'తెలియజెయ్యాలి' అన్నకాడికే చదివి వదిలేస్తరు. మన ఉత్తరానికి పనికొచ్చే మాట ఇంకొకటి అందులోనే ఉంది. విన్నపాన్ని తేల్చాల్సింది గ్రేడు ఇచ్చిన అధికారి కాదు, ఆయనకంటే పైవాళ్లు. లేకపోతే ఎవరి మీద మొర పెట్టుకున్నమో వాళ్లకే మొర పెట్టుకున్నట్టు అవుతదని కోర్టు అన్నది. మన చెల్లె మొదట ప్రిన్సిపాల్‌కే అర్జీ రాద్దామనుకుంది. చాలామంది అట్లనే చేస్తరు, 'సార్‌కు చెప్తే సార్ మార్చుతడు' అని. చెప్పడంలో తప్పులేదు. కానీ నోటిమాటలతో నెల గడిచిపోతే గడువు దాటుతది. కేంద్ర ఉద్యోగులకైతే 2009 మే 14 నాటి ఆదేశం ప్రకారం నివేదిక అందినప్పటి నుంచి 15 రోజులే గడువు. పైఅధికారి 30 రోజుల్లో తేల్చాలి. మన దగ్గర మీ సంస్థ నిబంధనల్లో ఏ గడువుందో ముందు అది చూడండి. నివేదిక అందుకున్నప్పుడు సంతకం పక్కన తారీకు వెయ్యడం మరవొద్దు. మీ గడువు ఆ తారీకు నుంచే మొదలవుతది.

చివరికి ఉత్తరం ఆమే రాసింది. ఒకటిన్నర పేజీ. ప్రిన్సిపాల్ ద్వారా పైఅధికారికి, ముందస్తు ప్రతి ఒకటి నేరుగా రిజిస్టర్డ్ పోస్టులో. మొదటి పేరాలో నివేదిక ఏ ఏడాదిది, ఏ తారీకున అందింది, దేనిమీద అభ్యంతరం. రెండో పేరాలో నేను చెప్పిన లెక్క, నోటు సారాంశం. మూడో పేరాలో ఆ వ్యాఖ్యకు ఆధారంగా ఒక్క సంఘటన గానీ, ఏడాదిలో ఇచ్చిన ఒక్క మెమో గానీ లేదని. జతపరిచినవి: సెలవు మంజూరు ఉత్తర్వు, టైంటేబుల్, హాజరు రిజిస్టరు నకళ్లు, పరీక్షల విధుల ఉత్తర్వు, ఎన్‌ఎస్‌ఎస్ ఉత్తర్వు, వ్యాసం మొదటి పేజీ. రిజిస్టరు నకళ్లు కాలేజీ ఇయ్యకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలతో అడిగింది.

నాకు బాగా నచ్చిన వాక్యం ఒకటుంది. తీసుకోని 32 క్లాసుల సంగతి ఆమె దాచలేదు. 18 పరీక్షల విధుల్లో పోయినయి, 14 నా క్యాజువల్ లీవుల్లో పోయినయి, వీటిని నేను తీసుకున్న వాటిలో కలపమని అడగడం లేదు అని రాసింది. ఎందుకు రాసినవ్ అని అడిగితే "మా నాయన గనిలో తీసిన రాళ్ల లెక్క గోడమీద బొగ్గుతో రాసుకునేటోడు అన్నా. పగిలిన రాయి కూడా రాసేటోడు. అందుకే మేస్త్రీ కొట్లాటకొస్తే ఆ గోడనే చూసేటోడు" అన్నది.

కోరింది మూడే. నోటు ప్రకారం గ్రేడు తిరిగి లెక్కించాలి. గ్రేడు ఇచ్చినవారు కాకుండా పైవారు పరిశీలించాలి. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా కారణాలు రాసి ఉత్తర్వు ఇయ్యాలి.

మరి కులం సంగతేంది అని మీరు అడుగుతరు. నేనూ అడిగిన, కొంచెం కోపంగానే. ఉత్తరంలో ఆ మాట లేదు. మనం బయటికి చెప్పకుండా దాచుకుంటున్నమా అని నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఆమె వాదన ఇది: వివక్ష అని రాస్తే రుజువు చూపాలి. అదే కాలేజీలో ఇంకెవరో సెలవు తీసుకుంటే వాళ్లకు సరైన లెక్క కట్టిండ్రా? తోటి ఉద్యోగి మదింపు నివేదిక మనకు ఇయ్యరు. అది వ్యక్తిగత సమాచారమని 2012లో గిరీశ్ దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రుజువు లేని ఆరోపణను పట్టుకుని, రుజువున్న లెక్కను కూడా పక్కన పడేస్తరు. ఆమె మాట సగం ఒప్పుకున్నా. మిగతా సగం ఇప్పటికీ ఒప్పుకోను. ప్రిన్సిపాల్ ఏదైనా కులం మాట అన్నప్పుడు తారీకు, చోటు, విన్నవాళ్లు ఎవరో రాసిపెట్టుకోవాలి. అది వేరే ఫిర్యాదు, జాతీయ ఎస్సీ కమిషన్‌కు వేరేగా పోవాలి. కమిషన్ విచారణ చేస్తది, కాగితాలు తెప్పిస్తది. గ్రేడును మాత్రం అది మార్చలేదు. రెండింటినీ ఒకే ఉత్తరంలో కుక్కితే రెండూ పలచబడతయి.

ఇంకో సంగతి. ఇదంతా యూజీసీ స్కేలు ఉన్నవాళ్లకు. కాంట్రాక్టు, గెస్టు లెక్చరర్లకు ఈ పట్టికే వర్తించదు. వాళ్ల చేతిలో ఉండేది నియామక ఉత్తర్వు ఒక్కటే. కొన్నిచోట్ల అదీ ఉండదు. వాళ్ల గురించి ఇంకో పోస్టు రాయాలి.

రెండు నెలలకు జవాబొచ్చింది. బోధన 'గుడ్', మొత్తం గ్రేడు 'గుడ్' అని సవరించిండ్రు. కానీ ఆ అంకితభావం వాక్యాన్ని ముట్టుకోలేదు. దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. నేను 'పోనీ, గ్రేడొచ్చింది కదా' అనబోయి, తోటి సార్లు అన్నమాటే నా నోట్లోకి వచ్చిందని గుర్తుపట్టి ఆగిపోయిన. ఆమె అప్పటికే రెండో ఉత్తరం రాసేసింది. నాలుగు వాక్యాలు. మొదటి ఉత్తరం మూడో పేరాకు ఉత్తర్వులో జవాబు లేదని, ఆ వ్యాఖ్యను తొలగించాలని, తొలగించకపోతే కారణం తెలుపాలని. నిన్న తాండూరు పోస్టాఫీసులో రిజిస్టరు చేసి, రసీదు ఫోటో తీసి నాకు పంపింది.