వారపు చీటీలో ఆరవ కంచం

వంటకు కొత్త మనిషి చేరినప్పుడు సరుకుల లెక్క నోటితో చెప్పడం కంటే చీటీ మీద వ్రాసి ఇవ్వడం మేలు. నోటిమాట ఎవరికి గుర్తున్నట్లు వారికి మిగులుతుంది. సరుకు తగ్గిన రోజున నింద మాత్రం వంటామె మీదికే పోతుంది. మా ఇంట మేము ఐదుగురం: మా దంపతులం, అత్తగారు, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు. ఇటీవల చేరిన వంటామెకు నేను వ్రాసి ఇచ్చిన చీటీ ఇది.

“ఆపా, అస్సలాము అలైకుమ్. ప్రతి శనివారం డబ్బాలు నింపి ఉంచుతాను. వారానికి మధ్యాహ్నపు అన్నానికి సోనా మసూరి 3 కిలోలు. శుక్రవారం బిర్యానీకి బాస్మతి ముప్పావు కిలో, మాంసం అంతే. రాత్రి రొట్టెలకు గోధుమపిండి 3 కిలోలు. కందిపప్పు ముప్పావు కిలో, ఇడ్లీకి మినప్పప్పు అర కిలో, రవ్వ ఒక కిలో, నూనె ఒక లీటరు. మధ్యాహ్నం రెండున్నర గ్లాసుల బియ్యం పోయండి. అందులో మీ భోజనమూ ఉంది. అతిథులు వస్తే క్యాలెండరులో ఆ తేదీ పక్కన ఎందరో గీతలు పెట్టండి.”

బియ్యం లెక్క ఎలా వచ్చిందో చెబుతాను. మా స్టీలు గ్లాసు నిండా బియ్యం పోస్తే 200 గ్రాములు తూగుతుంది. రెండున్నర గ్లాసులంటే అర కిలో. మా ఇద్దరికీ, వంటామెకూ తలకు 100 గ్రాములు. మిగిలిన 200 అత్తగారికీ పిల్లలకూ సరిపోతుంది. శుక్రవారం పోగా ఆరు రోజులకు 3 కిలోలు. ఐదుగురికే లెక్క కట్టి ఉంటే రోజుకు 100 గ్రాములు, వారానికి 600 గ్రాములు “ఎక్కడికో పోయినట్లు” కనిపించేది. పొద్దుటి నుండి పొయ్యి దగ్గర నిలబడిన మనిషి అయితే పస్తుండాలి, లేకపోతే అనుమానం మోయాలి.

అదే గ్లాసుతో పిండి కొలిస్తే 200 గ్రాములు రాదు. పిండి తేలిక, మా గ్లాసులో దాదాపు 140 గ్రాములే పడుతుంది. అందుకే రాత్రి పద్నాలుగు రొట్టెలకు మూడు గ్లాసులని విడిగా చెప్పాను. ఈ తేడా తెలియక పిండి ఖర్చు లెక్క తప్పే ఇళ్లు చాలా ఉన్నాయి.

మొదటి రెండు వారాలు ఈ అంకెలను ఖాయమనుకోరాదు. శనివారం డబ్బాలో మిగిలినది తూచి చూడండి. బియ్యం చాలకపోతే ముందు క్యాలెండరు గీతలు చూడండి, తరువాత బస్తా చూడండి. కొత్త బియ్యం పాతబియ్యమంతగా సాగదు. అదే గ్లాసుకు అన్నం తక్కువ అవుతుంది. అప్పుడు రోజుకు మరో పావు గ్లాసు పెంచి చీటీలో మార్చుకోవాలి. పిల్లలకు సెలవులు వస్తే మధ్యాహ్నమే కాదు, సాయంత్రమూ ఏదో ఒకటి అడుగుతారు; రవ్వ, నూనె ముందుగా అయిపోతాయి. ఇవేవీ కాకుండా వరుసగా మూడు వారాలు ఒకే సరుకు తగ్గితే, ఆమెను కూర్చోబెట్టి, ఇద్దరూ కలిసి ఒక పూట వంటకు కొలిచి చూడండి. ఆ కొలతనే కొత్త చీటీలో వ్రాసి, ఒక నకలు ఆమె చేతికి ఇవ్వండి.