ఈ గొట్టం ఏ ఊరు పోతుందమ్మా?

హనుమాన్ జంక్షన్‌లో మా బాత్‌రూమ్ బాగుచేయిద్దామంటే, మా అన్నయ్య కూతురు ఏఐ చేత ఓ బొమ్మ గీయించింది. "అందమైన కుళాయి, మెరిసే సింకు" అని టైపు చేసిందట. చూడ్డానికి అచ్చం సినిమా సెట్టింగే! మా ప్లంబరు మాత్రం ఫక్కున నవ్వి, "ఈ గొట్టం ఏ ఊరు పోతుందమ్మా?" అన్నాడు. నిజమే, సింకు కింది గొట్టం గోడదాకా పోకుండా గాల్లోనే ఆగిపోయింది. నీటి ధారేమో కిందికొచ్చేకొద్దీ లావెక్కింది.

తప్పంతా యంత్రానిదే అంటే నేనొప్పుకోను. దానికి ప్లంబింగ్ తెలీదు, చూసిన ఫొటోల పోలికే తెలుసు. అందం అడిగాం, అందమే ఇచ్చింది.

ఈసారి దగ్గరుండి నేనే రాయించాను. ధార నిటారుగా పడాలి. పడేకొద్దీ వేగం పెరుగుతుంది కనక సన్నబడాలి. క్రోమ్ అంటే అద్దమే, ఎదురుగా ఉన్న కిటికీ, తెల్లటి టైల్సూ అందులో వంపు తిరిగి కనిపించాలి. సింకు రంధ్రం కింద బాటిల్ ట్రాప్, అందులోంచి గొట్టం గోడలోకి పోవాలి.

ధార, మెరుపు కుదిరాయి. గొట్టం మళ్ళీ తప్పింది! దాంతో కుళాయిని మాత్రమే దగ్గరగా చూపించమన్నాం. చూపించనిచోట అబద్ధమాడే పనిలేదుగా!

ముచ్చటకి బొమ్మ చూసుకోండి. గోడ పగలగొట్టేముందు మాత్రం ప్లంబర్నే అడగండి.