‘తమరి పాదములకు నమస్కరించి...’ సరే, ఎఫ్ఐఆర్ ఎక్కడ?

సోమవారం ఏ కలెక్టరేట్‌కి వెళ్ళినా ఒకటే దృశ్యం. తెలంగాణలో ప్రజావాణి అన్నా, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అన్నా, గేటు బయట అర్జీలు రాసిపెట్టే వాళ్ళు, డీటీపీ సెంటర్లు, చేతిలో కాగితాలతో జనం. ఆ కాగితాల్లో భూమి, పింఛన్, ఇంటి స్థలంతో పాటు కుల దూషణ, దాడి ఫిర్యాదులు కూడా ఉంటాయి. విషయం ఏదైనా మొదటి వరుస, చివరి వరుస మాత్రం మారవు. ‘మహారాజశ్రీ ... గారి దివ్య సముఖమునకు’ అని మొదలై, ‘తమరి పాదములకు నమస్కరించి వేడుకొనుచున్నాను, ఇట్లు తమ విధేయుడు’ అని ముగుస్తాయి.

ఇది ఆత్మగౌరవ సమస్య అని చాలాసార్లు చెప్పుకున్నాం. నిజమే. కానీ అట్రాసిటీ ఫిర్యాదు విషయంలో ఈ మాటలు అంతకంటే ఎక్కువ నష్టం చేస్తున్నాయి. కేసు కావాల్సిన కాగితం వీటివల్ల విన్నపంగా మిగిలిపోతోంది.

ఈ మాటలు ఎక్కడివి?

మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో హిందూ పెద్దమనుషుల పేర్ల ముందు ‘మ.రా.రా.శ్రీ’ అని రాసేవారు. మహారాజ రాజశ్రీ అన్నమాటకు అది పొట్టి రూపం. పేరు చివర ‘గారు’ ఉండేది. పేరుకు గారు చేర్చడం కూడా అందరికీ దక్కిన మర్యాద కాదు. వాడలో తాతలనూ ‘వాడు’ అనే పిలిచిన ఊళ్ళు మనవి. తెలంగాణలో దొర ముందు ‘నీ బాంచన్, కాల్మొక్త’ అనాల్సి వచ్చింది. నోటితో అనడం ఆగిపోయినా, అదే మాట అర్జీ చివరి వరుసలో కూర్చుంది.

ప్రభుత్వం మాత్రం తన ఉత్తరాల్లో ఇలా రాసుకోదు. కేంద్ర సచివాలయ కార్యాలయ విధానాల మాన్యువల్ ప్రకారం అధికారిక లేఖ ‘అయ్యా/అమ్మా’కు సమానమైన ఇంగ్లీషు మాటతో మొదలై, ‘భవదీయుడు’కు సమానమైన మాటతో ముగుస్తుంది. ఆఫీస్ మెమోరాండంలో సంబోధనే ఉండదు. విషయం, సంతకం, హోదా ఉంటే చాలు. 2012లో నాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ తన పదవికి ముందు ‘మహామహిమ’ వంటి బిరుదులు వాడనక్కర్లేదన్నారు. దేశ ప్రథమ పౌరుడికి అవసరం లేని దివ్యత్వం స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు ఎందుకు?

ఒక అర్జీ చదువుదాం

నా పరిశోధన కోసం ఇలాంటి అర్జీలు చదువుతుంటాను. అవి ఎలా ఉంటాయో చూపడానికి ఒక నమూనా:

‘...నిరుపేద దళితుడనైన నేను మిక్కిలి వినయ విధేయతలతో వ్రాసుకొను విన్నపము ఏమనగా, మా గ్రామానికి చెందిన ఫలానా వ్యక్తి నన్ను కులం పేరుతో అసభ్యంగా దూషించి కొట్టబోయినాడు. కావున తమరు దయతలచి అతనిని పిలిపించి మందలించి నాకు న్యాయం చేయవలసినదిగా వేడుకొనుచున్నాను.’

ఇందులో అధికారి గొప్పతనం, అర్జీదారు పేదరికం వివరంగా ఉన్నాయి. నేరం ఒక్క వాక్యంలో అయిపోయింది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు, ఏ మాటలతో దూషించాడు? ఒక్కటీ లేదు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) కింద అవమానమైనా, కులం పేరుతో దూషణైనా నేరం కావాలంటే అది ప్రజల కంట పడే చోట జరిగి ఉండాలి. అందుకే చోటు, చూసినవాళ్ళు ముఖ్యం. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన గోరిగె పెంటయ్య కేసులో 2008లో సుప్రీంకోర్టు అట్రాసిటీ ఆరోపణను కొట్టేసింది. నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాడని గానీ, ప్రజల కంట పడే చోట ఉద్దేశపూర్వకంగా అవమానించాడని గానీ ఫిర్యాదులో ఎక్కడా లేదన్నది కారణం. నిందితుడి కులం ఎఫ్ఐఆర్‌లో రాయనంత మాత్రాన కేసు కొట్టేయకూడదని 2009లో ఆశాబాయి కేసులో అదే కోర్టు చెప్పింది. కానీ ఫిర్యాదులో ప్రతి ఖాళీ నిందితుడి లాయరుకు పనికొస్తూనే ఉంటుంది.

‘అసభ్యంగా దూషించాడు’ అనే మాటతోనూ ఇదే చిక్కు. ‘పెద్ద సారు చదివే కాగితంలో అలాంటి మాటలా’ అని రాసేవాళ్ళు అసలు తిట్టును తీసేస్తారు. మర్యాద పేరుతో సాక్ష్యం పోతుంది.

చివరి వరుసే తీర్పు

అన్నిటికంటే ప్రమాదం ముగింపులో ఉంది. ‘పిలిపించి మందలించి న్యాయం చేయండి’ అని రాస్తే స్టేషన్‌లో సరిగ్గా అదే జరుగుతుంది. ఇద్దరినీ పిలుస్తారు, మందలిస్తారు, రాజీ కాగితం మీద సంతకం పెట్టిస్తారు. తర్వాత అడిగితే ‘నువ్వు రాసిందే కదా’ అంటారు.

చట్టం ప్రకారం ఇది తప్పు. కేసు పెట్టదగ్గ నేరం కనిపిస్తే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని 2013లో లలితా కుమారి తీర్పు చెప్పింది. ఈ చట్టం కింద ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018లో చేర్చిన 18ఏ సెక్షన్ చెబుతోంది. అర్జీలో ఏ మాట వాడారన్నది చూసి పోలీసులు తప్పించుకోవడానికి లేదు. అయినా ఆ సందు మన చేతులతో ఇవ్వడం ఎందుకు?

అదే ఫిర్యాదు ఇలా ఉండొచ్చు:

‘స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి. విషయం: కుల దూషణ, దాడి యత్నంపై ఫిర్యాదు. అయ్యా, నేను షెడ్యూల్డ్ కులానికి (మాదిగ) చెందినవాడిని. ఫలానా తేదీ ఉదయం 8 గంటలకు మా ఊరి రేషన్ షాపు ముందు, వరుసలో నిలబడిన ఫలానా ఇద్దరి ఎదుట, ఎస్సీ, ఎస్టీ కాని ఫలానా వ్యక్తి నన్ను ఈ మాటలతో తిట్టి, కర్రతో కొట్టబోయాడు: ... . ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఎఫ్ఐఆర్ నమోదు చేసి, ప్రతిని నాకు ఉచితంగా ఇవ్వాలని కోరుతున్నాను. ఇట్లు, ఫిర్యాదుదారు.’

‘గారు’ ఉంది, ‘అయ్యా’ ఉంది. మర్యాద ఎక్కడా తగ్గలేదు. ‘విన్నపం’ పోయి ‘ఫిర్యాదు’ వచ్చింది, ‘వేడుకొనుచున్నాను’ పోయి ‘కోరుతున్నాను’ వచ్చింది. సెక్షన్ నంబర్లు తెలియకపోయినా ఫరవాలేదు, అవి వేయాల్సింది పోలీసులు. రాయడం రాకపోయినా నోటితో చెప్పవచ్చు. దాన్ని రాసుకొని, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలని చట్టంలోని 4వ సెక్షన్ పోలీసులకు విధిగా పెట్టింది. నమోదు చేయనంటే 1995 నిబంధనల్లోని 5వ నిబంధన ప్రకారం అదే విషయాన్ని పోస్టులో జిల్లా ఎస్పీకి పంపవచ్చు. ఆ పోస్టు రసీదును, స్టేషన్‌లో తేదీ, ముద్ర వేయించుకున్న నకలును దాచుకోవాలి.

వంగి రాసేవాళ్ళను తప్పుపట్టలేం. స్టేషన్‌లో ఎదురు మాట్లాడితే ఏమవుతుందో వాళ్ళకు మనకంటే బాగా తెలుసు. ఆ వినయం వాళ్ళు తెచ్చుకున్న కవచం. ముందు మారాల్సింది అర్జీలు రాసిపెట్టే టేబుల్ దగ్గర ఏళ్ళుగా కాపీ అవుతున్న నమూనా. సంఘాల కార్యకర్తలు సోమవారాల్లో ఆ టేబుళ్ళ దగ్గర సరైన నమూనా ఒకటి పెట్టించగలిగితే, పక్క వారం నుంచే కాగితాలు వేరేగా ఉంటాయి. చదవాల్సింది దయ చూపే దొర కాదని, చట్టం అప్పగించిన పని చేయాల్సిన ఉద్యోగి అని మొదటి వరుసే చెబుతుంది.